బోరు నీళ్లతో తలస్నానం: చివరి చెంబు దేనితో పోసుకోవాలి?

బాత్రూమ్‌లో షవర్ జల్లెడ రంధ్రాలు ఆరు నెలలకే పూడుకుపోతున్నాయా? బకెట్ అంచున తెల్లటి గీత గోకినా పోవడం లేదా? అయితే ఆ ఇంట్లో తలస్నానం చేసినవాళ్ల జుట్టు కొబ్బరిపీచులా తయారైందంటే ముందుగా అనుమానించాల్సింది షాంపూని కాదు, నీళ్లని. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల సంపుల్లోకి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు కొంత, బోరు నీళ్లు కొంత, వేసవిలో ట్యాంకరు నీళ్లు కొంత వచ్చి కలుస్తాయి. నల్లా నీళ్ల వాటా తగ్గి బోరు వాటా పెరిగిన నెలల్లో జుట్టు గరుకెక్కుతుంది. షాంపూ మార్చి మార్చి విసిగిపోయేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

దీనికి జనం ఎంచుకునే దారులు నాలుగైదు ఉన్నాయి. చివర్లో ఆర్‌ఓ నీళ్లు పోసుకోవడం, నిమ్మరసమో వెనిగరో కలిపి కడగడం, సున్నాన్ని లాగేసే షాంపూ వాడటం, షవర్‌కి ఫిల్టర్ బిగించడం, బాత్రూమ్‌కి సాఫ్ట్‌నర్ పెట్టించడం. వీటిలో ఏది ఎవరికి నప్పుతుందో తేల్చుకోవాలంటే, ముందు జుట్టు మీద జరుగుతున్నది ఒకటి కాదు, రెండు పనులని గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, వెంట్రుకకు పట్టుకునే సున్నం. తడిసిన వెంట్రుక పైపొర మీద రుణావేశం ఉంటుంది, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మీద ధనావేశం ఉంటుంది. అవి వెళ్లి వెంట్రుకను అంటుకుంటాయి. నీళ్ల క్షారగుణం పెరిగేకొద్దీ ఈ అంటుకోవడం పెరుగుతుంది. రంగు వేసిన జుట్టుకు, బ్లీచ్ చేసిన జుట్టుకు ఇంకా ఎక్కువగా పడుతుంది. ఇది మామూలు మంచినీళ్లతో కడిగితే వదలదు.

రెండోది, ఆరిపోయేటప్పుడు మిగిలేది. నీళ్ల కఠినత్వం, అంటే వాటిలో కరిగిన సున్నం లెక్క, లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం. తువ్వాలు చుట్టి తీశాక కూడా నడుము దాకా ఉన్న జుట్టులో 100 మిల్లీలీటర్ల నీళ్లు మిగిలితే, అవి ఆరేసరికి 40 మిల్లీగ్రాముల సున్నం జుట్టు మీదే ఉండిపోతుంది. చేతికి గరుకుగా తగిలే పొడి చాలావరకు ఇదే. దీనికి విరుగుడు తేలిక. జుట్టులో చివరికి మిగిలే ఆ కాస్త నీళ్లు బోరువి కాకుండా చూసుకుంటే చాలు.

అందుకే మా మాట ముందే చెప్పేస్తాం. తలస్నానం మొత్తం మంచినీళ్లతో చేయక్కర్లేదు. చివరి లీటరున్నర నీళ్లు, దానికి ముందు ఒక లీటరు పుల్లటి నీళ్లు, ఈ రెండూ సర్దుకుంటే చాలామందికి ఏ పరికరమూ అవసరం పడదు.

ముందు అసలు నీళ్లదే తప్పా?

వాటర్ ఫిల్టర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు టీడీఎస్ మీటరు ముంచి 900 అని చూపిస్తాడు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటి లెక్క, కఠినత్వం లెక్క కాదు. మామూలు ఉప్పు ఎక్కువున్న నీళ్లకూ టీడీఎస్ ఎక్కువే వస్తుంది, అందులో సున్నం తక్కువ ఉండొచ్చు. కఠినత్వం విడిగా కొలవాలి. చేపల తొట్లు అమ్మే దుకాణాల్లో 'జీహెచ్' టెస్ట్ కిట్ దొరుకుతుంది. చిన్న గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేయాలి. చాలా కిట్లలో ఒక్కో చుక్క ఒక డిగ్రీ, డిగ్రీని 17.8తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. 22 చుక్కలు పడితే సుమారు 390. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 వరకు ఆమోదయోగ్యం, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కాబట్టి 'తాగడానికి పనికొస్తుందన్నారు' అనే మాట జుట్టుకు ఏ భరోసా ఇవ్వదు.

కిట్ లేకపోతే సబ్బు పరీక్ష ఉంది. రెండు సీసాల్లో సగం దాకా, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు పోసి, రెండింటిలోనూ ఒంటిసబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి బాగా గిలక్కొట్టాలి. ఆర్‌ఓ సీసాలో పైన నురగ నిలబడుతుంది. బోరు సీసాలో నురగ విరిగిపోయి, విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలుతాయి. సబ్బుతో తలంటుకుంటే జుట్టుకు పట్టేది ఆ తరకలే.

దీనికన్నా నమ్మకమైనది పాయ పరీక్ష. జుట్టు మొత్తం మీద ప్రయోగం చేయకుండా, మెడ వెనక నుంచి చిటికెనవేలంత పాయ ఒకటి తీసుకోండి. లీటరు ఆర్‌ఓ నీళ్లలో పావు టీస్పూను నిమ్మఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కరిగించి ఒక గ్లాసులో పోసి, ఆ పాయ చివరలు అయిదు నిమిషాలు అందులో ఉంచండి. తర్వాత ఆర్‌ఓ నీళ్లతో కడిగి, గాలికి ఆరనివ్వండి. ఆరాక కళ్లు మూసుకుని ఆ పాయనీ, పక్క పాయనీ వేళ్ల మధ్య కిందికి జార్చి చూడండి. తేడా తెలిస్తే తప్పు నీళ్లదే. తెలియకపోతే వేడి స్ట్రెయిట్‌నరో, రంగో, పాత పగుళ్లో కారణం, ఇక్కడ చెప్పేవేవీ వాటిని బాగుచేయవు.

ఇంకో సంగతి. దువ్వెనకు వచ్చిన వెంట్రుక ఒకటి తీసి కొస చూడండి. కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. గరుకెక్కిన జుట్టు చిక్కుపడి తెగుతుంది. బుడిపెతో ఊడేవే ఎక్కువైతే నీళ్ల మీద నెపం వేయకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లడం మేలు.

పుల్లటి నీళ్లు: ఎంత పులుపు?

వెంట్రుకకు పట్టిన సున్నాన్ని వదిలించేది పులుపే. కానీ ఎక్కడ చూసినా కనిపించే 'మగ్గు నీళ్లకు ఒక చెంచా వెనిగర్' అనే కొలత మనల్ని మోసం చేస్తుంది. కారణం, బోరు నీళ్లలో ఉండే బైకార్బొనేట్. అది కలిపిన పులుపులో సగాన్ని ముందే మింగేస్తుంది. అదే చెంచా ఆర్‌ఓ నీళ్లలో వేస్తే మింగేవాళ్లు లేక మాడు మండుతుంది.

లెక్క వేసి చూద్దాం. బోరు నీళ్ల క్షారత, అంటే పులుపును మింగే ఆ బైకార్బొనేట్ లెక్క, లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుంటే, 5 శాతం వెనిగర్ 15 మిల్లీలీటర్లు, అంటే ఒక టేబుల్ స్పూను కలిపినప్పుడు పీహెచ్ 4.7 దగ్గర ఆగుతుంది. బాగానే ఉంది. అదే 15 మిల్లీలీటర్లు లీటరు ఆర్‌ఓ నీళ్లలో పోస్తే పీహెచ్ 3.3 దాకా దిగిపోతుంది, అది అవసరానికి మించిన పులుపు. ఆర్‌ఓ నీళ్లకు ఒక టీస్పూను కూడా నిండుగా అక్కర్లేదు. మనకు కావలసింది 4 నుంచి 4.5 మధ్య.

వెనిగర్, నిమ్మకాయ, నిమ్మఉప్పు మూడింటిలో మా ఓటు నిమ్మఉప్పుకే. పైన చెప్పిన బోరు నీళ్లకు లీటరుకు ఒక గ్రాము, అంటే సమంగా కొట్టిన టీస్పూనులో పావు వంతు వేస్తే పీహెచ్ 4.3 దగ్గరికి వస్తుంది. వాసన లేదు, కిరాణా కొట్లో దొరుకుతుంది, కొలత ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. పైగా సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని కాస్త పట్టి ఉంచి నీళ్లతోపాటు తీసుకెళ్తుంది. వెనిగర్‌కి ఆ గుణం తక్కువ, వాసన మాత్రం తడి ఆరేదాకా వెంటే ఉంటుంది.

నిమ్మకాయతో చేయాలంటే ఒక మాదిరి కాయ రసం లీటరుకు సరిపోతుంది, అందులో ఉండేది కూడా సుమారు గ్రాము సిట్రిక్ ఆమ్లమే. అయితే గుడ్డలో వడకట్టాలి. లేకపోతే తొనల పీచు జుట్టులో ఎండి చుండ్రులా కనబడుతుంది. చెక్కను నేరుగా తలకు రుద్దడం అసలే వద్దు. నిమ్మ తొక్కలోని నూనె చర్మానికి అంటి ఎండ తగిలితే నల్లటి మచ్చలు, కొందరికి బొబ్బలు వస్తాయి.

క్షారత ఎంతో తెలియనివాళ్లు పీహెచ్ కాగితం కొనుక్కోండి. లీటరు నీళ్లలో నిమ్మఉప్పు చిటికెడు చిటికెడుగా వేస్తూ, కరిగాక కాగితం ముంచి, 4కీ 5కీ మధ్య రంగు వచ్చినచోట ఆపాలి. ఎన్ని చిటికెలు పట్టాయో గోడ మీద రాసిపెట్టుకుంటే సరి. నీళ్లు మారిన కాలంలో, అంటే ట్యాంకర్లు మొదలైనప్పుడు, వానలు పడ్డాక, మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

పుల్లటి నీళ్లు పోసుకోవాల్సింది షాంపూ కడిగేశాక, కండిషనర్‌కి ముందు. కొసల నుంచి మొదలుపెట్టి జుట్టంతా తడిసేలా పోసుకుని ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగేయాలి. మాడు మీద పుండ్లు, గోకిన గాట్లు ఉంటే ఈ దారి మానుకోండి. రంగు వేయించుకున్నవాళ్లు ప్రతిసారీ కాకుండా రెండు మూడు స్నానాలకు ఒకసారి చాలు, లేకపోతే రంగు తొందరగా వెలిసిపోవచ్చు.

వంటసోడాతో తల కడగమనే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. అది సరిగ్గా దీనికి ఎదురు పని. సోడా నీళ్ల క్షారగుణాన్ని పెంచుతుంది, సున్నం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పటిక సంగతి వేరు. బురద నీళ్లను తేర్చడానికి పటిక మంచిదే, కానీ కఠినత్వాన్ని తగ్గించదు. తేటగా కనిపించినంత మాత్రాన నీళ్లు మెత్తబడినట్టు కాదు.

చివరి లీటరున్నర

ఇక ఆఖరి కడుగు. ఇంట్లో ఆర్‌ఓ ఉంటే అవే నీళ్లు, లేకపోతే 20 లీటర్ల క్యాన్ నుంచి లీటరున్నర, వానాకాలమైతే డాబా మీద పట్టిన వాన నీళ్లు. వాన మొదలైన పదిహేను ఇరవై నిమిషాల నీళ్లు వదిలేసి ఆ తర్వాతవి పట్టుకోవాలి, మొదటివన్నీ డాబా దుమ్మే. వంటింట్లో మంజీరా కొళాయి విడిగా ఉన్న ఇళ్లలో ఆ నీళ్లే ఒకసారి కిట్‌తో చూడండి. బోరు కన్నా బాగా తక్కువగా ఉంటే ఆర్‌ఓ కూడా అక్కర్లేదు.

ఎలా పోసుకుంటారన్నది ఎంత పోసుకుంటారన్నదానికన్నా ముఖ్యం. పిండాక జుట్టులో 200 మిల్లీలీటర్ల బోరు నీళ్లు మిగిలాయనుకోండి. లీటరున్నరా ఒకేసారి గుమ్మరిస్తే, మిగిలే నీళ్ల కఠినత్వం 400 నుంచి సుమారు 47కి దిగుతుంది. అదే నీళ్లను అర లీటరు చొప్పున మూడుసార్లు పోసి, ప్రతిసారీ జుట్టును గట్టిగా పిండితే 400 కాస్తా 114, తర్వాత 33, తర్వాత 9 అవుతుంది. నీళ్లు అవే, ఫలితం అయిదింతలు. పిండటం అంటే మెలిపెట్టడం కాదు. పాయలను పిడికిట్లో పట్టుకుని పైనుంచి కిందికి నొక్కుతూ జార్చాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకు లీటరు చాలు.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆర్‌ఓ మెషిన్ వెనక పైపు నుంచి వచ్చే నీళ్లు వృథా కాకూడదని బకెట్‌లో పట్టి స్నానానికి వాడతారు. ఆలోచన మంచిదే, కానీ తలకు మాత్రం వద్దు. లీటరు మంచినీళ్లు ఇచ్చి మూడు లీటర్లు బయటకు వదిలే మెషిన్‌లో, నాలుగు లీటర్ల సున్నం దాదాపు అంతా ఆ మూడు లీటర్లలోకి చేరుతుంది. 400 ఉన్న నీళ్లు అక్కడ 530 అవుతాయి. వాటిని నేల తుడవడానికి వాడుకోండి.

కాచి చల్లార్చిన నీళ్ల సంగతేమిటని అడుగుతారు. కఠినత్వంలో బైకార్బొనేట్ భాగం కాచితే పోతుంది, సల్ఫేటు, క్లోరైడు భాగం పోదు. పది నిమిషాలు మరిగించి, కదపకుండా చల్లారనిచ్చి, అడుగున తెల్లటి మడ్డి దిగాక పైనీళ్లు మాత్రం వంచుకుని మళ్లీ చుక్కల పరీక్ష చేయండి. సగానికి సగం తగ్గితే ఆ దారి మీకు పనికొస్తుంది. లండన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది. అక్కడి నీళ్లు సుద్దరాయి పొరల నుంచి వచ్చేవి, వాటి కఠినత్వంలో ఎక్కువ భాగం కాచితే పోయే రకమే. కెటిల్ నీళ్లు రాత్రి సీసాలో పోసి పెట్టుకుంటే ఉదయానికి సిద్ధం. గీజర్ నీళ్లు మాత్రం దీనికింద లెక్క కాదు, అవి మరగవు.

తలకు ఏం రుద్దుకోవాలి

సబ్బు వద్దు, అంతే. పైన సీసాలో చూసిన తరకలే జవాబు. కుంకుడురసం, శీకాయ సబ్బులాంటివి కావు. వాటి నురగ సపోనిన్‌ల నుంచి వస్తుంది, అవి సున్నంతో కలిసి తరకలు కట్టవు, పైగా రసం సహజంగా పుల్లదనం వైపు ఉంటుంది. కుంకుళ్లను నానబెట్టే నీళ్లు మంచివైతే ఆ పుల్లదనం నిలుస్తుంది. పది పన్నెండు కాయలకు అర లీటరు నీళ్లు పట్టేచోట బోరు నీళ్లు వాడటం అనవసరపు పొదుపు. రసం తప్పకుండా గుడ్డలో వడకట్టండి, తుక్కు జుట్టులో ఉండిపోతే అదీ గరుకే.

మామూలు షాంపూ తరకలు కట్టదు కానీ పట్టిన సున్నాన్ని పెద్దగా వదిలించదు. వదిలించేది చీలేటింగ్ షాంపూ. సీసా వెనక టెట్రాసోడియం ఇడిటిఎ, డైసోడియం ఇడిటిఎ, సోడియం ఫైటేట్ లాంటి పేర్లు ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త. చాలా మామూలు షాంపూల్లో కూడా ఇడిటిఎ జాబితా చివర్లో ఉంటుంది. అది షాంపూ పాడవకుండా వేసిన కొద్దిపాటి మోతాదు, మీ జుట్టు కోసం వేసింది కాదు. సీసా ముందు 'హార్డ్ వాటర్' అనో 'చీలేటింగ్' అనో రాసి, ఆ పేరు జాబితాలో కాస్త పైన ఉంటేనే తీసుకోండి. 'క్లారిఫయింగ్' అన్నది నూనె, సిలికాన్ వదిలించే రకం, సున్నానికి కాదు.

చీలేటింగ్ షాంపూ నురగ తల మీద మూడు నాలుగు నిమిషాలు ఉండాలి, రుద్ది వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. మూడు నాలుగు వారాలకు ఒకసారి చాలు, వారం వారం వాడితే జుట్టు ఎండిపోతుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసుకున్నవాళ్లు ముందు దీనితో ఒకసారి పాత సున్నం దించుకుని, ఆ తర్వాత పుల్లటి నీళ్ల అలవాటుకు రావడం తేలిక.

షవర్ ఫిల్టరా, సాఫ్ట్‌నరా?

షవర్‌కి బిగించే ఫిల్టర్లలో ఎక్కువ భాగం క్లోరిన్ తీసేవి. కార్బన్‌కి, విటమిన్ సి గుళికలకి కాల్షియంతో పనిలేదు. కొన్నింటిలో సాఫ్ట్‌నర్ రెజిన్ కూడా ఉంటుంది, అది నిజంగానే సున్నాన్ని పట్టుకుంటుంది. కాకపోతే ఎంతసేపు? పిడికెడు, అంటే 200 మిల్లీలీటర్ల రెజిన్, 400 కఠినత్వం ఉన్న నీళ్లను సుమారు 30 లీటర్లు మాత్రమే మెత్తబరుస్తుంది. ఒకటిన్నర బకెట్. మొదటిరోజు జుట్టు పట్టులా ఉందని మురిసి, రెండో వారానికి ఏమీ లేదనుకునేది ఇందుకే. ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ వాడుకునే వీలు లేని కార్ట్రిడ్జ్ అయితే కొనవద్దు.

సాఫ్ట్‌నర్ లెక్క వేరు. 10 లీటర్ల రెజిన్ ఉన్నది అవే నీళ్లను సుమారు 1500 లీటర్ల దాకా మెత్తబరుస్తుంది. ఆ తర్వాత కిలో, కిలోన్నర రాళ్ల ఉప్పు కరిగించిన నీళ్లు దాని గుండా పంపాలి. నలుగురున్న ఇంట్లో ఒక బాత్రూమ్‌కే పెట్టి, మనిషికి రోజుకు 40 లీటర్లు వాడితే తొమ్మిది రోజులకోసారి ఈ పని పడుతుంది. ఉప్పు వేయడం మరిచిపోతే కొన్ని రోజుల్లోనే పాత బోరు నీళ్లే. బోరులో ఇనుము ఎక్కువుండి బకెట్ ఎర్రబారుతుంటే రెజిన్ తొందరగా పాడవుతుంది, ముందు ఇనుము తీసే ఫిల్టర్ ఉండాలి. సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ తగ్గలేదని మెషిన్‌ని తిట్టకండి. సున్నం పోయిన చోటికి సోడియం వస్తుంది, మీటరు అంకె ఇంచుమించు అలాగే ఉంటుంది. చుక్కల పరీక్షే అసలు పరీక్ష. నీళ్ల క్షారగుణం కూడా పోదు కాబట్టి, వారానికోసారి పుల్లటి నీళ్లు అప్పుడూ మంచిదే. షాంపూ మాత్రం సగం చాలు, ఎక్కువైతే జారుడు ఎంత కడిగినా పోనట్టుంటుంది.

ఒక ఇంటి లెక్క

అద్దె ఫ్లాట్, కఠినత్వం 400, క్షారత 300, నడుము దాకా జుట్టు, వారానికి రెండు తలస్నానాలు అనుకుందాం. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లతో చేస్తే స్నానానికి 20 లీటర్లు, వారానికి 40. ఆ 40 కోసం మెషిన్ ఇంకో 120 లీటర్లు బయటకు వదులుతుంది. ఇది ఎవరికీ చెప్పదగ్గ సలహా కాదు. అద్దె ఇంట్లో పైపులు కోసి సాఫ్ట్‌నర్ పెట్టడమూ కుదరదు. ఇక్కడ చేయాల్సింది, బోరు నీళ్లతోనే షాంపూ చేసి కడిగి, లీటరు బోరు నీళ్లలో పావు టీస్పూను నిమ్మఉప్పు వేసి పోసుకోవడం, కండిషనర్ రాసి కడిగాక అర లీటరు చొప్పున మూడు దఫాలు ఆర్‌ఓ నీళ్లు. వారానికి మూడు లీటర్ల ఆర్‌ఓ నీళ్లు, రెండు గ్రాముల నిమ్మఉప్పు. నెలకోసారి చీలేటింగ్ షాంపూ.

సొంత ఇల్లు అయి, నలుగురికీ పొడుగు జుట్టుండి, గీజర్ రాడ్ ఏటా మార్చాల్సి వస్తుంటే అప్పుడు సాఫ్ట్‌నర్ కొనండి, జుట్టుతోపాటు గీజరూ బతుకుతుంది. కఠినత్వం 150 లోపే ఉంటే సాఫ్ట్‌నర్ జోలికి పోకుండా రెండు వారాలకోసారి పుల్లటి నీళ్లతో సరిపెట్టుకోండి. మగవాళ్ల పొట్టి క్రాపుకైతే చివర్లో ఒక సీసా ఆర్‌ఓ నీళ్లే ఎక్కువ. ఆ వెంట్రుక సున్నం పేరుకునేలోపే మంగలి కత్తెరకు చిక్కుతుంది.